టోఫు ముక్కలు కరకరలాడాలంటే: కార్న్‌ఫ్లోర్ పూత పెంక మీదనా, ఓవెన్‌లనా?

నీలగిరి వంటిల్లు (నల్గొండ)

అందరికీ నమస్తే. సోయా పనీర్ అని అమ్మే టోఫు 200 గ్రాముల ప్యాకెట్ తెచ్చి రెండు తీర్ల చేసి చూసిన. రెండూ సరిగ్గ రాలేదు. ఏం చేసిన్నో ఉన్నదున్నట్టు రాస్తున్న, తప్పు ఎక్కడున్నదో చెప్పండి.

ప్యాకెట్ కోసి నీళ్ళు వంపేసి, టోఫును ఒక గుడ్డ మీద ఐదు నిమిషాలు పెట్టిన. ముక్కలు కోసి, ఉప్పు, కారం, రెండు చెంచాల సోయా సాస్ కలిపిన. మీద మూడు పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్ చల్లి కలిపి పక్కకు పెట్టి, ఉల్లిగడ్డ, క్యాప్సికం కోసుకున్న. సగం ముక్కలు ఇనుప పెంక మీద కొంచెం నూనె పోసి వేయించిన. పూతంత పెంకకే అతుక్కొని ఊడొచ్చింది, ముక్క తెల్లగ బయటపడ్డది. మిగిలిన సగానికి పిండి తడిసిపోయిందని ఇంకొంచెం పొడి పిండి అద్ది ఓటీజీల 180 డిగ్రీలకు 20 నిమిషాలు పెట్టిన. పైన సున్నం చల్లినట్టు తెల్ల పొడి అట్లనే ఉన్నది, లోపల మెత్తగ. డీప్ ఫ్రై వద్దనుకుంటున్న. పెంకనా, ఓవెనా, ఎంత వేడి, ఎంతసేపు?

---

పల్లినూనె (సూర్యాపేట)

మంట తక్కువ అయింది అక్కా. పెంక పొగలొచ్చేదాక కాగాలె, అప్పుడు ముక్కలు వేస్తే అంటదు. పిండి కూడ మూడు చెంచాలు చాలదు, ఐదారు వెయ్యి. పూత ఎంత మందం ఉంటే అంత కరకర.

---

పాలమూరు పొయ్యి (మహబూబ్‌నగర్)

పల్లినూనె అన్న చెప్పిన దాంట్లో సగం నిజమే. పెంక బాగా కాగకుండా ముక్కలు వేస్తే అంటుకుంటయి, అది వాస్తవం. పిండి ఎక్కువ వేయమన్నది మాత్రం ఇక్కడ పనికిరాదు. మందం పూత లోపలి వైపు జిగటగనే మిగిలిపోతది.

అక్కా, జవాబు రాసే ముందు నాలుగు సంగతులు అడుగుత. ప్యాకెట్ మీద ఫర్మ్ అని ఉన్నదా, సిల్కెన్ అని ఉన్నదా? బరువు పెట్టి నొక్కిన్రా, ఊరికే గుడ్డ మీద పెట్టిన్రా? పిండి కలిపినంక పొయ్యి మీద వేసేదాక ఎంతసేపు గడిచింది? మీ కార్న్‌ఫ్లోర్ తెల్లదా, పసుపుదా?

---

నీలగిరి వంటిల్లు

ఫర్మ్ అనే ఉన్నది. బరువు పెట్టలేదు. పిండి కలిపినంక ఇరవై నిమిషాలన్న అయింటది, కూరగాయలు కోసేసరికి. పిండి తెల్లదే, వేళ్ళ మధ్యల నలిపితే కిర్రుమంటది.

---

మక్కచేను (జడ్చర్ల)

నా ప్రశ్న గూడ ఇందులోనే అడుగుత. మా ఇంట్ల మక్కలు గిర్నీల పట్టించిన పిండి ఉన్నది, మెత్తగ జల్లెడ పట్టిన. అదే కార్న్‌ఫ్లోర్ గదా అని టోఫుకు అద్ది వేయించిన. కరకర రాలేదు, ఇసుక అద్దినట్టు గరుకుగ ఉండి, నూనెల పిండి రాలి అడుగున మాడింది. మళ్ళ జల్లెడ పట్టాల్నా?

---

పాలమూరు పొయ్యి

మక్కచేను తమ్మీ, ఎన్నిసార్లు జల్లెడ పట్టినా అది కార్న్‌ఫ్లోర్ కాదు. మన దగ్గర దుకాణాలల్ల కార్న్‌ఫ్లోర్ అని తెల్లగ అమ్మేది మక్కగింజల నుంచి తీసిన గంజిపిండి మాత్రమే. గిర్నీ పిండిల గింజ మొత్తం ఉంటది: పొట్టు, మొలక, పసుపు భాగం, అన్నీ. అవి నీళ్ళు సరిగ్గ పీల్చుకోవు, ముక్కకు పట్టుకోవు, నూనెల రాలిపోయి ముందు మాడతయి. రొట్టెకు ఉంచుకోండి. టోఫుకు తెల్లది చిన్న ప్యాకెట్ తెచ్చుకోండి. ఒక్కసారికి 15 గ్రాముల లోపే పడుతది.

ఇక నీలగిరి అక్క సంగతి. మీ తప్పు మంట దగ్గర లేదు, అంతకు ముందే జరిగింది. ఆ ఇరవై నిమిషాలు.

గంజి పెట్టిన చీరను యాది చేసుకోండి. తడిగ ఉన్నప్పుడు జిగటగ ఉంటది, ఆరినంక ఫెళఫెళలాడతది. టోఫు మీద పూత పని గూడ అదే. పిండి రేణువు కొంచెం తడి తాగి, వేడికి ఉబ్బి, గంజిలెక్క ముక్కను పట్టుకోవాలె. తర్వాత ఆ తడంత ఆవిరై పోవాలె. అప్పుడు మిగిలే పలుచని గట్టి పొరనే కరకర. తడి పోకపోతే గంజి గంజిలెక్కనే ఉండి పెంకకు అతుక్కుంటది. అసలు తడే లేకపోతే పిండి పొడిగనే మిగిలి సున్నంలెక్క కనపడ్తది. మీకు పెంక మీద మొదటిది, ఓవెన్ల రెండోది జరిగింది.

టోఫు స్పాంజి లెక్కటిది, లోపల నీళ్ళుంటయి. మీరు నొక్కలేదు. మీదికెల్లి ఉప్పు, సోయా సాస్ వేసిన్రు. ఉప్పు లోపలి నీళ్ళను బయటికి గుంజుతది. ఇరవై నిమిషాలల్ల గిన్నె అడుగున నీళ్ళూరి, పిండి జిగురులెక్క అయి ఉంటది. అది పెంక మీద వేస్తే మొదటి పది సెకన్లలనే అంటుకుంటది. మంట ఎంత పెంచినా ఆగదు.

---

నీలగిరి వంటిల్లు

నిజమే అన్నా. గిన్నె అడుగున తెల్లగ, చిక్కగ పేరుకున్నది. దాన్ని గూడ వృథా ఎందుకని ముక్కల మీదనే గీకి వేసిన.

---

కృష్ణవేణి_66 (గద్వాల)

మేము పనీర్‌ను కోసినంక వేడి ఉప్పునీళ్ళల్ల పది నిమిషాలు నానేస్తం. దూదిలెక్క మెత్తగ ఉంటది. మీరు గూడ అట్ల చేయండి, గట్టిపడదు.

---

పాలమూరు పొయ్యి

కృష్ణవేణమ్మా, మీరు చెప్పింది పాల పనీర్‌ను కూరల మెత్తగ ఉంచుకునేటందుకు. అక్క అడుగుతున్నది మెత్తదనం పోగొట్టి పైన కరకర తెచ్చేటందుకు. కాని మీరు చెప్పిన వేడి ఉప్పునీళ్ళు టోఫుకు వేరే తీరుగ పనికొస్తయి, అందుకే ఆ మాట వదిలిపెట్టబుద్ధి కాలేదు. సలసల కాగిన నీళ్ళు అర లీటరుకు ఒక పెద్ద చెంచా ఉప్పు వేసి, కోసిన ముక్కలు మునిగేటట్టు పోసి పదిహేను నిమిషాలు ఉంచితే, ముక్క పైభాగం కొంచెం బిగుసుకుంటది, ఉప్పు గూడ లోపలికి పోతది. వంపి తుడిస్తే నీళ్ళు తొందరగ ఆరతయి. బరువు పెట్టే ఓపిక లేనోళ్ళకు ఇది మంచి దారి. అయితే తీసినంక పొడి గుడ్డ మీద పరిచి, అన్ని పక్కల తుడిచి, ఐదు నిమిషాలు ఫ్యాన్ కింద పెట్టాలె. ఇంకోటి, తర్వాత పూతల మళ్ళ ఉప్పు వేయొద్దు.

---

పల్లినూనె

నొక్కుడు ఎంతసేపు? నేను రాత్రంతా ఫ్రిజ్‌ల బరువు కింద పెడత. ఎంత ఎక్కువ నీళ్ళు పోతే అంత మంచిది గదా.

---

పాలమూరు పొయ్యి

ఫర్మ్ టోఫుకు అరగంట సరిపోతది. మొదటి పది, పదిహేను నిమిషాలల్లనే ఎక్కువ నీళ్ళు పోతయి, తర్వాత బొట్టుబొట్టుగ కారుతది. రాత్రంతా నొక్కితే పాడేం కాదు గని, లోపల గట్టిపడి నమిలేటప్పుడు రబ్బరు లెక్క అనిపిస్తది. పైన కరకర, లోపల మెత్తన, ఈ తేడా ఉంటెనే తినబుద్ధి అయితది.

ఎట్ల నొక్కాలె: 200 గ్రాముల బిళ్ళను నిలువునా రెండు పలకలు కోసుకోండి. పలుచగ ఉంటే నీళ్ళు తొందరగ పోతయి. పొడి గుడ్డల చుట్టి పళ్ళెంల పెట్టి, మీద ఇంకో పళ్ళెం, దాని మీద రెండు కిలోల బియ్యం డబ్బా. అంతకంటె బరువు పెడితే అంచులు పగులుతయి. పదిహేను నిమిషాలకు తడిసిన గుడ్డ మార్చండి. ఇది మరువొద్దు. తడి గుడ్డల ఎంతసేపు ఉంచినా టోఫు ఆరదు.

నొక్కింది చాలా లేదా అని ఇట్ల చూడండి: ముక్క కోసి, కోసిన పక్కను అరచేతికి ఆనించి తీయండి. చెయ్యి చల్లగ అనిపించాలె గని తడి అంటొద్దు. తడి మెరుపు కనపడితే ఇంకో పది నిమిషాలు.

ప్యాకెట్ మీద సిల్కెన్ అని ఉంటే ఈ పద్ధతికి తేవొద్దు. అది బరువు కింద పగిలిపోతది.

---

ఇంటిపాలు (మిర్యాలగూడ)

ఇంట్ల సోయాపాలు కాచి నిమ్మరసంతో విరగ్గొట్టి టోఫు చేస్త. దాంతోటి ఈ ముక్కలు వస్తయా? కోస్తుంటెనే అంచులు రాలుతున్నయి.

---

పాలమూరు పొయ్యి

నిమ్మరసంతోటి విరిగింది పొడిపొడిగ ఉంటది, రెండు సెంటీమీటర్ల ముక్క నిలవడం కష్టం. గుడ్డల మూటగట్టినప్పుడే రెండు కిలోల బరువుతోటి గంటన్నర నొక్కి, తర్వాత రాత్రి ఫ్రిజ్‌ల ఉంచి, చల్లగ ఉన్నప్పుడే కోయండి. ముక్కలు కొంచెం పెద్దగ కోసుకుంటే తిప్పేటప్పుడు పగలవు. మీరు ఓవెన్‌కు పోవుడే మంచిది, అందులో తిప్పుడు ఒక్కసారే.

---

పాలమూరు పొయ్యి

ఇప్పుడు పెంక పద్ధతి మొత్తం రాస్త. 200 గ్రాముల ప్యాకెట్‌కు లెక్క.

నొక్కి తుడిచిన టోఫును రెండు సెంటీమీటర్ల ముక్కలు కోయండి. ఇరవై దాకా వస్తయి. వెడల్పు గిన్నెల వేసి, సోయా సాస్ రెండు చిన్న చెంచాలు, నూనె ఒక చిన్న చెంచా పోసి, చెంచాతో కాదు, గిన్నెను ఎగరేసి కలపండి. చెంచాతో కలిపితే మూలలు విరుగుతయి, ఆ తునకలే పెంక మీద ముందు మాడతయి. సోయా సాస్‌ల ఉప్పు ఉన్నది, వేరే ఉప్పు వద్దు. కారం, మిరియాల పొడి ఏదైనా ఉంటే పిండిల కలుపుకోండి.

పెంక పొయ్యి మీద పెట్టి కాగబెట్టినంకనే పిండి చల్లండి. ముందు కాదు. ఒకటిన్నర పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్, అంటే 12 గ్రాములు. సగం చల్లి ఎగరేయండి, మిగిలిన సగం చల్లి మళ్ళ ఎగరేయండి. ఒక్కసారే వేస్తే నాలుగు ముక్కలకు గడ్డలు కడ్తది, మిగిలినయి బోడిగ ఉంటయి. ముక్క మీద పలుచటి పొర, బూడిద అంటినట్టు, ముట్టుకుంటే వేలికి కొంచెం జిగురు తగలాలె. తెల్ల పొడి రాలుతుంటే ఎక్కువైనట్టు. గిన్నెల మిగిలిన పిండిని వేయొద్దు.

పెంక కాగిందా అని చూసేటందుకు నీళ్ళు ఒక చుక్క వేయండి. సుయ్‌మని అక్కడే ఆవిరైతే ఇంకా సరిపోలేదు, చిన్న ముత్యంలెక్క అటూ ఇటూ ఉరికితే సరిపోయింది. ఆ తడి ఆరినంక రెండు పెద్ద చెంచాల నూనె పోయండి. మధ్యస్థం కంటే కొంచెం ఎక్కువ మంట. నూనె పొగలు రావొద్దు. పల్లినూనె అన్న చెప్పినట్టు పొగలొచ్చేదాక కాగితే, సోయా సాస్‌ల తీపి ఉంటది గనుక బయట నల్లబడి లోపల పచ్చిగ అనిపిస్తది. నాన్‌స్టిక్ అయితే ఖాళీగ కాగబెట్టొద్దు, నూనె పోసినంకనే వేడి చేయాలె.

ముక్కలను ఒక్కొక్కటి, మధ్యల వేలు పట్టేంత ఎడంతోటి పెట్టండి. పెట్టినంక మూడు నిమిషాలు ముట్టొద్దు. ఇక్కడనే చాలమంది పాడు చేసుకుంటరు. మొదటి నిమిషంల పూత ఇంకా గంజిగనే ఉంటది, అప్పుడు కదిలిస్తే ఊడొస్తది. చప్పుడు వినండి. ముందు చిటపట గట్టిగ వస్తది, అది తడి పోతున్న చప్పుడు. మూడో నిమిషానికి అది సన్నబడి నూనె మరిగే చప్పుడు మాత్రమే మిగులుతది. అప్పుడు అట్లకాడ కొసతోటి ఒక ముక్కను పక్కకు నెట్టండి. తనంత తాను జరిగితే తిప్పొచ్చు. జరగకపోతే గీకొద్దు, ఇంకో నిమిషం ఆగండి.

తిప్పినంక ఒక్కో పక్క నిమిషంన్నర, రెండు నిమిషాలు. మొత్తం పది, పన్నెండు నిమిషాలు. ఆరు పక్కలూ సమానంగ రావాలని పట్టుబట్టకండి, నాలుగు పక్కలు మంచిగ వస్తే చాలు. రంగు లేత బంగారం. కార్న్‌ఫ్లోర్ తనంత తాను ఎర్రబడదు, రంగంత సోయా సాస్‌తోటి, టోఫుతోటి వస్తది. ఎరుపు కోసం చూస్తూ కూర్చుంటే గట్టిపడిపోతయి.

ఒక్క మాట, మన జొన్నరొట్టెల పెంక నడుమ కొంచెం లోతుగ ఉంటది. నూనె నడుమకు చేరి అంచుల ముక్కలు పొడిగ కాలతయి. ఆ పెంకనే ఉంటే పది ముక్కలు నడుమ వేసి రెండు విడతలుగ చేయండి. సమంగ ఉండే దోశ పెంక ఉంటే ఇంకా మంచిది.

---

మక్కచేను

పిండి రెండుసార్లు చల్లుడు నాకు తెల్వదు. ఒకటి అడుగుత. మంట మీద మూతపెడితే లోపల తొందరగ ఉడుకుతది గదా?

---

పాలమూరు పొయ్యి

మూత వద్దు తమ్మీ. టోఫు ప్యాకెట్ల వచ్చేటప్పటికే ఉడికింది, లోపల వేడెక్కితే చాలు. మూత పెడితే ఆవిరి మళ్ళ పూత మీదనే పడి మెత్తబెడ్తది.

---

రాగిపళ్ళెం (వనపర్తి)

ఓవెన్ సంగతి నేను చెప్తాను, బేకింగ్ పని నాకు రోజూ ఉంటుంది.

అక్కా, ఓవెన్‌లో మీ తప్పులు రెండు. తడిసిన పూత మీద మళ్ళీ పొడి పిండి అద్దారు, దానికి తడీ లేదు, నూనే లేదు. పెంక మీద అడుగున నూనె ఉంటుంది కాబట్టి పైపూతకు అందుతుంది. ఓవెన్‌లో గాలి తప్ప ఏమీ లేదు, కాబట్టి నూనె పూతలోనే ఉండాలి. ఇదే మొత్తం తేడా. రెండోది, 180 డిగ్రీలు చాలవు. ఆ వేడికి లోపలి నీళ్ళు నిదానంగా పైకి ఊరుతూనే ఉంటాయి, పూత ఆరే సమయం రాదు.

200 గ్రాములకు: ఒక పెద్ద చెంచా నూనె, రెండు చిన్న చెంచాల సోయా సాస్ ముక్కలకు పట్టించి, ఒక పెద్ద చెంచా కార్న్‌ఫ్లోర్ మాత్రమే చల్లండి. పెంకకు కావలసినదానికంటే తక్కువ. కలిపాక ఏ ముక్క మీదా పొడి తెల్లమచ్చ కనపడకూడదు, అంతా తడి మెరుపుతో ఉండాలి. ఎక్కడైనా తెల్లగా ఉంటే అక్కడ రెండు చుక్కల నూనె వేసి వేలితో రాయండి. పొయ్యిలోకి తెల్లగా వెళ్ళింది బయటికీ తెల్లగానే వస్తుంది.

ఓటీజీని రెండు రాడ్లూ వెలిగించి 200 డిగ్రీలకు పదిహేను నిమిషాలు ముందుగా వేడి చేయండి. ఎర్ర దీపం ఆరిందని వెంటనే పెట్టకండి, అప్పటికి గాలే వేడెక్కింది, గోడలూ ట్రే వేడెక్కలేదు. నడిమి అరలో పెట్టి పదిహేను నిమిషాలు, తీసి తిప్పి ఇంకో పది నుంచి పదిహేను. కింద బేకింగ్ పేపర్ వేయండి. మిఠాయిలు చుట్టే పలుచటి బటర్ పేపర్ వేయకండి, ఆ వేడికి అది పొగ వస్తుంది, ముక్కలూ అంటుకుంటాయి. పేపర్ లేకపోతే ట్రేకే నూనె రాయండి.

---

పాలమూరు పొయ్యి

200 సరే, నేనైతే ఆఖరి ఐదు నిమిషాలు 220 చేస్త. అంచులు మంచిగ గట్టిపడతయి.

---

రాగిపళ్ళెం

చిన్న ఓటీజీలలో పై రాడ్ ముక్కకు నాలుగు వేళ్ళ దూరంలోనే ఉంటుంది. 220 పెడితే మూలలు నల్లబడటం నేను చూస్తూనే ఉంటాను. 40 లీటర్ల పైన ఉన్న పెద్దదైతే మీరు చెప్పింది కుదురుతుంది. చిన్నదైతే 200 దగ్గరే ఉంచి ఐదు నిమిషాలు ఎక్కువ పెట్టడమే నయం. ఓటీజీ గుండీ మీద 200 అని ఉన్నంత మాత్రాన లోపల 200 ఉంటుందనుకోకూడదు. ఓవెన్ థర్మామీటర్ ఒకటి లోపల వేలాడదీస్తే ఇరవై డిగ్రీల తేడా కూడా బయటపడుతుంది. సాయంత్రం ఓల్టేజీ తగ్గే ఊళ్ళలో రాడ్లు వేడెక్కడానికి ఎక్కువ సమయం పడుతుంది, గడియారం కంటే రంగునూ చప్పుడునూ నమ్మండి. తీసిన ముక్కను పళ్ళెం మీద వేస్తే టక్కుమనాలి.

---

పల్లినూనె

మా ఇంట్ల మైక్రోవేవ్ ఉన్నది, దాంట్ల పెట్టొచ్చా?

---

రాగిపళ్ళెం

కన్వెక్షన్ ఉంటే ఆ మోడ్‌లో 200కు ముందుగా వేడి చేసి, ఎత్తు స్టాండ్ మీద పెట్టి ఇదే సమయం. మామూలు మైక్రోవేవ్ మోడ్‌లో వద్దు. అది లోపలి నీళ్ళనే వేడి చేసి ఆవిరిని పూతలోకి తోస్తుంది. ముక్క రబ్బరులా మారుతుంది, పూత గంజిలా.

---

చింతచిగురు (నాగర్‌కర్నూల్)

కార్న్‌ఫ్లోర్ ఒక్కటే ఎందుకు, బియ్యప్పిండి వేయండి. సకినాలు, చెక్కలు దాంతోనే గదా కరకరలాడేది. కార్న్‌ఫ్లోర్ పావుగంటల మెత్తబడ్తది, బియ్యప్పిండి గంట దాక ఆగుతది.

---

పాలమూరు పొయ్యి

ఆగుడు నిజమే. కాని ఒట్టి బియ్యప్పిండి టోఫుకు సరిగ్గ పట్టుకోదు, నోట్లె పలుకు తగులుతది. చెక్కల పిండిని నీళ్ళు పోసి పిసుకుతం, ఇక్కడ తడి ముక్క మీది తడి మాత్రమే. నేను ఒక పెద్ద చెంచా కార్న్‌ఫ్లోర్‌కు ఒక చిన్న చెంచా బియ్యప్పిండి కలుపుత.

---

చింతచిగురు

మేము సగం సగం వేస్తం, పిండిని మెత్తటి గుడ్డల జల్లిస్తం. పలుకు తగలదు.

---

రాగిపళ్ళెం

ఓవెన్‌లో సగం సగం వేస్తే నాకు మాత్రం గట్టిగా, కొంచెం చెక్కలాగే వచ్చింది. పెంక మీద బాగుందంటే ఒప్పుకుంటాను. ఎవరి ఇష్టం వాళ్ళది.

---

నీలగిరి వంటిల్లు

ఈ రోజు మళ్ళ చేసిన, తూకం పెట్టి రాస్తున్న. 200 గ్రాముల బిళ్ళ రెండు పలకలు చేసి అరగంట నొక్కిన, గుడ్డ ఒకసారి మార్చిన. 174 గ్రాములు తూగింది, అంటే 26 గ్రాముల నీళ్ళు గుడ్డలకు పోయినయి. 22 ముక్కలు వచ్చినయి. 12 పెంక మీద, 10 ఓటీజీల.

పెంక మీదియి: మొదటి పక్క మూడు నిమిషాలకు జరగలేదు, నాలుగో నిమిషానికి జరిగినయి. పూత ఒక్క ముక్కకు గూడ ఊడలేదు. మొత్తం పదకొండు నిమిషాలు. విరిచిన ముక్కను చూస్తే అంచు అప్పడంలెక్క పలుచగ, లోపల తెల్లగ మెత్తగ ఉన్నది. ఓటీజీల 200కు 28 నిమిషాలు పట్టింది. రంగు కొంచెం తక్కువ, కాని అన్ని పక్కల సమంగ వచ్చింది. రెండు ముక్కల మీద తెల్లమచ్చ మిగిలింది, అవి నూనె సరిగ్గ అంటనియే.

పెంక కరకర ఎక్కువ. ఓవెన్ల పని తక్కువ, నూనె తక్కువ. ఇద్దరికైతే పెంక, నలుగురికైతే ఓవెన్ అని అనిపించింది.

ఒక్కటే కుదరలేదు. అల్లమెల్లిగడ్డ, పచ్చిమిర్చి, సోయా సాస్ వేసి సాస్ చేసి, ముక్కలు అందులో వేసి రెండు నిమిషాలు ఉడికించిన. వడ్డించేలోపే మెత్తబడ్డయి.

---

పాలమూరు పొయ్యి

ఉడికించొద్దు అక్కా. సాస్ పలుచగ ఉంటే పూత దాన్ని తాగేస్తది. సాస్‌ను వేరే కడాయిల ముందే చిక్కబెట్టండి: అల్లమెల్లిగడ్డ వేగినంక సోయా సాస్ ఒక పెద్ద చెంచా, వెనిగర్ ఒక చిన్న చెంచా, చక్కెర అర చెంచా, నీళ్ళు మూడు పెద్ద చెంచాలు. అర చిన్న చెంచా కార్న్‌ఫ్లోర్ చల్లటి నీళ్ళల్ల కలిపి పోస్తే నిమిషంల గరిటెకు అంటుకునేంత చిక్కబడ్తది. పొయ్యి ఆర్పండి. అందరూ కూర్చున్నంక ముక్కలు వేసి, ముప్పై సెకన్లు ఎగరేసి పళ్ళెంల వడ్డించండి. పది నిమిషాల దాక కరకర ఉంటది. తొందరగ తినేటోళ్ళు కాకపోతే సాస్‌ను పక్కన చిన్న గిన్నెల పెట్టుడే మంచిది.

తీసిన ముక్కలను గిన్నెల కుప్పగ పోయొద్దు, జాలీ మీద పరచండి. కుప్పల కిందియి పైవాటి ఆవిరికే మెత్తబడతయి.

---

ఇంటిపాలు

పిల్లల టిఫిన్ డబ్బాల పెడితే మధ్యాహ్నానికి ఎట్ల ఉంటయి?

---

రాగిపళ్ళెం

మూత పెట్టిన డబ్బాలో మెత్తబడతాయి. పూర్తిగా చల్లారాక, అడుగున మడత పెట్టిన పేపర్ వేసి పెడితే కొంత నయం. ఇంట్లో మిగిలినవైతే 200 డిగ్రీల ఓవెన్‌లో ఏడెనిమిది నిమిషాలు, లేదా పొడి పెంక మీద సన్న మంటన ఐదు నిమిషాలు పెడితే చాలావరకు తిరిగి వస్తాయి.

---

చింతచిగురు

డబ్బాకైతే బియ్యప్పిండి సగం సగం వేసి చూడండి అమ్మా. నేను అన్నది అందుకే.

---

ఇంటిపాలు

సోమవారం రెండు తీర్ల పెట్టి పంపిస్త, పన్నెండున్నరకు ఏది ఎట్లున్నదో పిల్లలను అడిగి ఇక్కడనే రాస్త. నిమ్మరసం టోఫు కాదు, ప్యాకెట్ ఫర్మ్‌దే వాడుత.